ముఖానికి ఆఖరి మెరుగు

బెల్లంపల్లి బజారులో ఓంప్రకాశ్ చేతిలో ఫోటో దిగి అందంగా రానివాళ్లు ఇంతవరకు ఎవరూ లేరు. ఎప్పుడూ ముఖం చిట్లించుకుని తిరిగే కిరాణా కొట్టు ఆసామి కూడా ఆ ఫోటోలో పెళ్లికొడుకులా వెలిగిపోతుంటాడు. సంబంధం కోసం పంపిన ఫోటో పట్టుకుని పిల్లను చూడవచ్చిన వాళ్లు, తమకు మంచినీళ్లందించిన పిల్లనే "అమ్మా, జర పెండ్లిపిల్లను తోలుకరా" అని అడిగారని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. ఓంప్రకాశ్ ఆ కథకు నొచ్చుకోడు. పైగా తన పనితనాన్ని మెచ్చుకుంటున్నారనుకుని, కొత్తగా వచ్చిన గిరాకీకి తనే ఇంకోసారి చెబుతాడు.

స్టూడియో అతని తండ్రి లచ్చయ్య పెట్టింది. పేరు కూడా లచ్చయ్య ఫోటో స్టూడియోనే. బొగ్గుబాయిలు నిండుగా నడిచిన రోజుల్లో పండగకూ పబ్బానికీ గని గేటు ముందు కెమెరా నిలబెట్టి, షిఫ్టుకు షిఫ్టునే ఒక్క ఫోటోలో ఇరికించిన మనిషి ఆయన. కెమెరాలోంచి చూసీ చూసీ ఎడమ కన్ను సగం మూసుకుపోయి అలాగే ఉండిపోయింది. కొత్తగా ఊరికి వచ్చినవాళ్లు ఈయనేమిటి, తమకు కన్ను కొడుతున్నాడని కంగారుపడేవారు. నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో ముఖాలు దిద్దడం కొడుక్కి ఆయనే నేర్పాడు. "పనంత అయినంకనే మెరుగు పెట్టాలె రా, ముందుగాల కాదు" అనేవాడు. కొడుకు మిగతా పాఠాలు సగం మరచిపోయినా ఆ ఒక్కటి మాత్రం గట్టిగా పట్టుకున్నాడు.

ఇప్పుడు పెన్సిళ్లు లేవు. కంప్యూటర్‌లో ఒక బటన్ ఉంది. మసకబారిన ముఖాన్ని తీసుకుని కళ్లలో మెరుపు, చర్మంలో నునుపు, కనుబొమల్లో వెంట్రుక వెంట్రుకా పుట్టించి ఇస్తుంది. ఓంప్రకాశ్ దానికి మెరుగు బటన్ అని పేరు పెట్టుకున్నాడు. ఏ ఫోటో అయినా సరే, పనంతా అయ్యాక చివరికి ఆ బటన్ నొక్కి కుర్చీలో వెనక్కి వాలి, వంట రుచి చూసిన వంటవాడిలా తల ఊపుతాడు. కిందటేడు తండ్రి ఫోటోకు కూడా ఆ బటన్ నొక్కి, పెద్ద సైజులో కట్టించి, దండ వేసి, గిరాకీ కూర్చునే బల్లకు పైన తగిలించాడు. వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. భార్య మమతారాణి మాత్రం దుమ్ము తుడిచినప్పుడల్లా "మా మామ ఇంత సక్కగుంటడని నాకు పెండ్లప్పుడు ఎవ్వలు చెప్పలే" అంటుంది. అది కూడా పొగడ్తేనని అతని నమ్మకం.

ఈసారి వానాకాలంలో ఆ స్టూడియోకు లస్మవ్వ వచ్చింది, కడుపుతో ఉన్న మనవరాలు దీపికను వెంటబెట్టుకుని. లస్మవ్వ పెనిమిటి బాలమల్లు బాయిలో పనిచేసి, దీపిక నడక నేర్చుకునే వయసులో ఉండగా పోయాడు. ఇంట్లో గోడకున్న, ఎప్పుడో వెలిసి మసకబారిన ఆయన ఫోటోను ఈ వానలకు కారిన రేకులు మింగేశాయి. అట్ట తప్ప ముఖం మిగల్లేదు. భాద్రపద అమావాస్యకు వచ్చే పెత్రమాస దగ్గర పడింది. ఆ రోజు పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చేటప్పుడు ముందు ఫోటో ఉండాలని ముసలామె పట్టు. ఇక మిగిలింది దసరా పూజనాడు బాయి ముందు తీసిన గుంపు ఫోటో ఒక్కటే.

"గది మీ బాపు తీసిందే కొడుకా" అంది లస్మవ్వ, బల్ల మీద కూలబడుతూ. తండ్రి ఫోటో సరిగ్గా ఆమె నెత్తి మీద ఉంది, ఆమె చూపు మాత్రం ఓంప్రకాశ్ మీద ఉంది.

అసలు ఫోటో ఇంటి దగ్గరే ఉండిపోయింది. దీపిక దాన్ని సెల్‌ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో పంపింది. అందులో బాలమల్లు రెండో వరుసలో, దీపమున్న టోపీ పెట్టుకుని, పక్కవాడి భుజం చాటున వేలిగోరంత ముఖంతో కనిపిస్తున్నాడు.

"గిది చాలా కాకా? అసలుది తెమ్మంటరా?" అని అడిగింది దీపిక.

"ఏం అక్కర్లే బిడ్డా. నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాడు ఓంప్రకాశ్. అతనికి అసాధ్యమనిపించే పని ఇంతవరకు ఆ గడప తొక్కలేదు.

ఆ పగలే పని మొదలుపెట్టాడు. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలోంచి బాలమల్లును కత్తిరించాడు. టోపీ తీసెయ్యి, తెల్లచొక్కా తొడుగు, వెనక నీలిరంగు పెట్టు అని కంప్యూటర్‌కు మాటల్లో రాశాడు. అది చెప్పినట్టే చేసింది. తర్వాత గోడకు సరిపడేంత పెద్దది చేయించాడు. చిట్టచివర, తండ్రి చెప్పిన ప్రకారం, మెరుగు బటన్ నొక్కాడు. తెర మీద బాలమల్లు ఒత్తయిన జుట్టుతో, తీర్చిన ముక్కుతో, కడిగిన ముత్యంలా నిలబడ్డాడు. ఓంప్రకాశ్ కుర్చీలో వెనక్కి వాలి తల ఊపాడు. ఫోటో కట్టించాక బజారులో ఇద్దరు ముగ్గురిని పిలిచి మరీ చూపించాడు.

మర్నాడు దీపిక చూసి చేతులు జోడించినంత పని చేసింది. "అమ్మమ్మా, తాత ఎంత మంచిగున్నడో సూడు!"

లస్మవ్వ ఫోటోను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది. కొంగుతో అద్దం తుడిచి మళ్లీ చూసింది. తర్వాత తలెత్తి, ఎవరో చుట్టాన్ని పరిచయం చేయమన్నట్టు అడిగింది.

"గీయన ఎవలు కొడుకా?"

"మీ ముసలాయననే అవ్వా."

"మా ముసలాయనకు గిన్ని ఎంటికలెక్కడివి? నేను వచ్చేనాటికే సగం నెత్తి సాఫైంది. ముక్కు గింత ఎడమకు తిరిగి ఉంటుండె. గీయనెవలో పెద్ద ఆఫీసరు లెక్క ఉన్నడు."

ఓంప్రకాశ్‌కు చిన్న పోటు తగిలింది. "ఏండ్లు గడిచినయి గదా అవ్వా, జర మరుపు..." అని మొదలుపెట్టి ఆమె చూపు చూసి అక్కడే ఆపేశాడు.

"చెంప మీద నీలం గీతేది?" అంది లస్మవ్వ. కుడి కంటి కింద వేలితో తన చెంప మీదే గీసి చూపించింది. "బాయిల బొగ్గుపెళ్ల పడి కోసుకపోయింది. గాయం మానింది గని లోపట బొగ్గు దుమ్ము మిగిలి నీలంగనే ఉండిపాయె. పెండ్లైన కొత్తల నేను మసి అనుకొని సబ్బు వెట్టి రుద్దిన. ఆయన నవ్వుకుంట కూసున్నడు, పోదని చెప్పలే. నేను రుద్దితే పోనిది నువ్వెట్ల పోగొట్టినవ్ కొడుకా?"

మమతారాణి గల్లాపెట్టె దగ్గర నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. దీపిక కూడా నవ్వబోయింది గానీ, అమ్మమ్మ కళ్లలో నీళ్లు చూసి ఆగిపోయింది.

"నేనున్నన్ని దినాలు ఆయన నా కండ్లల్ల ఉంటడు, నాకు ఫోటో లేకున్నా నడుస్తది" అంది లస్మవ్వ. "గీ పోరి ఆయనను ఎరుగదు. దీని కడుపుల ఉన్నదాన్కి అసలే ఎరుక ఉండదు. నేను పోయినంక వీళ్లకు గీయననే తాతైతడు. గట్లైతే మా ఆయన యాడికి పోవాలె?"

ఫోటోను బల్ల మీద బోర్లించి మనవరాలి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే ఓంప్రకాశ్‌కు కాస్త హాయిగా ఉండేది.

ఆ పూట అతను అన్నం సరిగా తినలేదు. బటన్ తప్పు చేసిందంటే ఒప్పుకోడు, తను చేశాడంటే అసలే ఒప్పుకోడు. అయినా ఆ నీలం గీత ఏ చోట పోయిందో చూడాలనిపించింది. పని చేసేటప్పుడు ఒక్కో దశలో దాచుకున్న ఫోటోలన్నీ తీసి, ముఖాలను ఒకే సైజుకు తెచ్చి, వరుసగా పక్కపక్కన పెట్టాడు.

మొదటిది దీపిక పంపింది. చెంప మీద గీత ఉంది, కాకపోతే వాట్సాప్ కుదించి నలిపిన నలుపుడుకు మసక చారలా మిగిలింది. రెండోది టోపీ తీసి చొక్కా మార్చింది. చొక్కా మార్చమంటే చొక్కాతో ఆగిందనుకున్నాడు గానీ, ముఖాన్ని కూడా అది మళ్లీ తనే గీసింది. చార మచ్చయింది, ముక్కు పక్కనున్న నీడ కాస్త జరిగింది. మూడోది పెద్దది చేసింది. చిన్న ముఖంలో లేని వివరాన్ని కొంత అది ఊహించి నింపింది. ఆ ఊహలో మచ్చ ఇంకొంచెం కరిగింది. నాలుగోది మెరుగు బటన్. అది లక్షల ముఖాలు చూసి నేర్చుకున్నది. మసక ముఖం కనపడితే, ఇలాంటి ముఖం ఎలా ఉంటే చూసేవాళ్లు నమ్ముతారో అలా కొత్తగా అల్లుతుంది. అది చూసిన లక్షల ముఖాల్లో బొగ్గు గీతలున్నవి ఎన్నో ఏమో. మిగిలిన కాస్త మచ్చనూ ఫోటోకు పట్టిన మురికి అనుకుని తుడిచేసింది. జరిగిన నీడను నిజమనుకుని ముక్కును నిటారుగా నిలబెట్టింది.

వెనక్కి వాలడం మరిచిపోయి ఓంప్రకాశ్ ముందుకు వంగి చూశాడు. నాలుగింటిలో ఏది చూసినా దాని ముందుదానికన్నా బాగానే ఉంది. అందుకే అతనికి అనుమానం రాలేదు. ప్రతిసారీ అప్పుడే చేసినదాన్ని దాని ముందుదానితో పోల్చాడు. నాలుగోదాన్ని తీసుకెళ్లి మొదటిదాని పక్కన ఒక్కసారైనా పెట్టలేదు.

మమతారాణి చాయ్ తెచ్చి భుజం మీదుగా తొంగిచూసింది.

"నేను జాకెట్లు కుట్టియ్యడానికి పోతే ప్రతిసారి ఆది జాకెట్టు ఎందుకు తీస్కపోత?" అంది.

"ఎందుకు?"

"లేకపోతే టైలరు పోయినసారి కుట్టినదాన్ని చూసి కుడతది. దాంట్ల వేలంత తేడా ఉంటే ఇంకో వేలంత కలుస్తది. నాలుగో జాకెట్టు వచ్చేసరికి అది నాది గాదు, ఇంకెవలదో. నువ్వు ముసలాయనకు నాలుగు జాకెట్లు కుట్టినవ్, ఆదిది ఇంట్లనే పెట్టి."

ఓంప్రకాశ్ చాయ్ తాగాడు. భార్య మాట నిజమని ఒప్పుకోవడానికి అతనికి సాధారణంగా రెండు మూడు రోజులు పడుతుంది. ఈసారి గ్లాసు ఖాళీ కాకముందే చెప్పులేసుకుని లస్మవ్వ ఇంటికి బయలుదేరాడు.

అసలు ఫోటో అడిగి తీసుకున్నాడు. దాంతో పాటు, తను ఇంతవరకు ఏ గిరాకీనీ అడగని ప్రశ్న ఒకటి అడిగాడు. "అవ్వా, టోపీ కింద ఏమున్నదో ఫోటోల లేదు. అది నేను కల్పించాల్సిందే. ఎట్లుండేదో నువ్వే చెప్పాలె."

లస్మవ్వ మెత్తబడింది. నుదురు ఎక్కడిదాకా ఉండేదో, చెవుల మీద తెల్ల వెంట్రుకలు ఎలా నిక్కబొడుచుకునేవో, నూనె పెట్టినా ఎలా వినేవి కావో చెప్పింది. చెబుతూ చెబుతూ దారితప్పి ఆయన చేపల కూర యావ గురించి కూడా చెప్పింది. ఓంప్రకాశ్ అదీ విన్నాడు.

ఈసారి వరుస మారింది. అసలు గుంపు ఫోటోను స్కానర్ మీద పెట్టి, అది ఇవ్వగలిగినంత పెద్దగా స్కాన్ చేశాడు. ఫోన్‌లో వేలిగోరంత ఉన్న ముఖం తెర నిండా వచ్చింది. తండ్రి తీసిన ఫోటోలో ఇంత సంగతి దాగి ఉందని అతనికి ఇన్నాళ్లూ తెలియదు. కుడి చెంప మీద నీలం గీత, తెలుపు నలుపు ఫోటో కాబట్టి నల్లగా, సన్నంగా, స్పష్టంగా ఉంది. ఆ స్కాన్‌ను ముట్టకుండా వేరే దాచి, నకలు మీద పనిచేశాడు. దుమ్ము చుక్కలూ ముడతల గీతలూ తనే ఒక్కొక్కటిగా, ఇది ఫోటో మీద మురికా, మనిషి మీద గుర్తా అని చూసుకుంటూ తీశాడు. గోడ సైజుకు మామూలు పద్ధతిలోనే పెంచాడు. అది కొత్తగా ఏమీ కల్పించదు, ఉన్నదాన్నే సాగదీస్తుంది. ముఖం కాస్త మెత్తగా కనిపిస్తుంది, అంతే.

ఆ తర్వాతే కంప్యూటర్‌కు కల్పించే పని ఇచ్చాడు, అదీ టోపీ, చొక్కా, వెనక గోడ ఉన్న చోట్లకు మాత్రమే గిరి గీసి. నుదురు లస్మవ్వ చెప్పినంత పొడుగు వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయించాడు. పని అయ్యాక పాతదీ కొత్తదీ ఒకదాని మీద ఒకటి పెట్టి, పైదాన్ని మాయం చేసి మళ్లీ తెప్పించి చూశాడు. గిరి బయట ఉన్న ముఖం కూడా పిసరంత కదిలింది. "నువ్వు చేతులు కట్టుకొని కూసునే రకం కాదు" అని కంప్యూటర్‌ను తిట్టి, అసలు స్కాన్‌లోని ముఖాన్ని తెచ్చి పైన పొరగా వేసి, అంచులు మాత్రం కలిపాడు.

ఇక మెరుగు మిగిలింది. చెయ్యి దురద ఊరుకోలేదు. వేరే నకలు మీద, దాని బలం బాగా తగ్గించి ఒక్కసారి నొక్కి చూశాడు. కళ్లు వెలిగాయి. నీలం గీత సగం పలచబడింది. ఓంప్రకాశ్ ఆ నకలును చెరిపేశాడు. ఆ బటన్ లేకుండా అతను ఒక ఫోటో ముగించడం అదే మొదటిసారి. ముఖాన్ని నున్నగా చేసే బదులు, కొత్త చొక్కాకే పాత ఫోటోలోని గరుకు చల్లి ముఖంతో జతకలిపాడు. ప్రింటు మాత్రం వేయలేదు. ముందు ఆయనను కళ్లారా చూసినవాళ్లు చూడాలి.

కబురు పెడితే లస్మవ్వ, దీపిక వచ్చారు. ఈసారి బల్ల మీద కాదు, తెర కనపడేలా గల్లాపెట్టె పక్కన తన కుర్చీలోనే ముసలామెను కూర్చోబెట్టాడు. అసలు ఫోటోలోని ముఖం ఒక పక్క, కొత్తది ఒక పక్క చూపించాడు.

"నుదురూ ఎంటికలూ అంగీ నేను పెట్టినయి అవ్వా. కనుబొమల నుంచి గడ్డం దాకా మా బాపు తీసిందే. చెయ్యి పెట్టలే."

లస్మవ్వ వేలు తెర మీదికి పోయి కుడి చెంప దగ్గర ఆగింది. ఒకసారి అటూ ఇటూ రుద్దింది. గీత పోలేదు.

"గిప్పుడొచ్చినవా?" అంది, మొగుడితోనే. "ఆఫీసర్లు తిరిగే కాడ ఎందుకు తిరిగినవ్?"

దీపిక వంగి చూసింది. ముందటి ఫోటోలోలా ఇతను చక్కగా లేడు. ముక్కు ఎడమకు తిరిగింది, ముఖం మసకగా ఉంది, నెత్తి మీద ఏమీ లేదు. ఆ ముక్కును చూసి ఆమె తన ముక్కు తడుముకుంది. "అమ్మమ్మా, నా ముక్కు గీయనదేనా?" అంది. ఇన్నేళ్లుగా ఆ ముక్కు ఎవరిదని వెక్కిరించిన వాళ్లందరికీ ఆమెకు ఇప్పుడే జవాబు దొరికింది.

"మరి ఎవలదనుకున్నవే?" అని లస్మవ్వ మొదటిసారి నవ్వింది. "ముఖం ఆయనదే కొడుకా. అంగి మాత్రం ఇంత తెల్లగ ఏనాడు లేదు. పోనియ్యి, పండుగ గదా."

ఓంప్రకాశ్‌కు తన పనిని అందంగా ఉందని కాకుండా ముఖం ఆయనదే అని మెచ్చుకున్న గిరాకీ ఇంతవరకు లేదు. ఈ మెచ్చుకోలు వేరేగా ఉంది. ప్రింటు కోసం కాగితం తీశాడు.

లస్మవ్వ కుర్చీలో కుదురుగా కూర్చుని, పని తీరిన మనిషిలా స్టూడియో అంతా చూసింది. ఎదురు గోడ మీద దండ వేసిన పెద్ద ఫోటో ఉంది. దాన్నీ చూసింది, దాటి పక్క గోడ చూసింది, మళ్లీ మొదటికి వచ్చింది.

"లచ్చయ్య మంచోడుండె" అంది. "ఒక కన్ను మూసుకొని, ఊరందరిని ఎంత మంచిగ తీసిండో. గింత పెద్ద దుకాణం పెట్టుకున్నవ్ కొడుకా, మీ బాపు ఫోటో ఒక్కటన్న పెట్టుకోకపోతివి?"

గోడ మీది పెద్దమనిషి రెండు కళ్లూ చక్కగా, సమానంగా తెరుచుకుని వాళ్లందరి వైపూ చూస్తున్నాడు. కిందటేటి నుంచి ఓంప్రకాశ్ పొద్దున్నే ఆయనకు అగరొత్తులు వెలిగిస్తున్నాడు.

అతను కాగితం పక్కన పెట్టాడు. బల్ల జరిపి, ఎక్కి, దండ తీసి ఫోటోను కిందికి దించాడు. దిగాక భార్య వైపు చూశాడు.

"అసలుది బీరువల నా చీరెల కింద ఉన్నది" అంది మమతారాణి. ఈసారి ఆమె వెక్కిరించలేదు. "నువ్వు పారేస్తవని దాచిన. తీస్కొస్త ఉండు."